ఆఫర్ లెటర్‌లోని ఆ పన్నెండు లక్షలు

హైదరాబాద్‌లోని ఓ స్టార్టప్ ఒక అమ్మాయికి ఉద్యోగమిచ్చింది అనుకుందాం. మొత్తం ప్యాకేజీ 40 లక్షలు. విడగొట్టి చూస్తే అందులో 28 లక్షలు జీతం, 12 లక్షలు ఈసాప్స్, అంటే ఉద్యోగులకిచ్చే స్టాక్ ఆప్షన్లు. ఇంట్లోవాళ్లు చుట్టాలకు నలభై అనే చెబుతారు. హోమ్ లోన్‌కి వెళ్తే మాత్రం బ్యాంకు ఆఫీసరు ఇరవై ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటాడు. ఆయనకు ఆ అమ్మాయి మీద కోపమేమీ లేదు. మిగతా పన్నెండు ఏ నెలా ఖాతాలో పడవని తెలుసు, అంతే.

ఆ పన్నెండు లక్షలు ఎలా వచ్చాయో ముందు చూద్దాం. కంపెనీ ఆమెకు 2,400 ఆప్షన్లు ఇస్తానంది. ఈమధ్యే పెట్టుబడిదారులు షేరుకు 500 రూపాయలు పెట్టి కొన్నారు. రెండూ గుణిస్తే పన్నెండు లక్షలు. హెచ్ఆర్ లెక్క ఇంతే, ఇందులో రెండు చోట్ల గాలి ఉంది. ఒకటి, ఈ ఆప్షన్లు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొచ్చేవి. నాలుగేళ్ల మొత్తాన్ని ఒక ఏడాది జీతం పక్కన పెట్టి కూడేశారు. రెండోది, ఆ షేరు ఆమెకు ఊరికే రాదు. డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఎంతకు కొనుక్కోవచ్చో ముందే రాసిపెట్టిన ధరనే స్ట్రైక్ ప్రైస్ అంటారు. మన దేశంలో కాగితాల మీద ఎక్కువగా కనిపించే మాట ఎక్సర్‌సైజ్ ప్రైస్. రెండూ ఒకటే.

ఈమె విషయంలో స్ట్రైక్ ప్రైస్ 100 రూపాయలు. అంటే ఇవాళ్టి ధరతో చూసినా ఒక్కో ఆప్షన్ మీద మిగిలేది 400, మొత్తం మీద 9 లక్షల 60 వేలు. అదే స్ట్రైక్ ప్రైస్ 500 అని రాసి ఉంటే ఇవాళ్టి లెక్కలో ఆ ఆప్షన్ల విలువ సున్నా. షేరు 500 దాటి పెరిగితేనే ఆమెకేమైనా మిగులుతుంది. అయినా ఆఫర్ లెటర్‌లో పన్నెండు లక్షలనే రాసే కంపెనీలున్నాయి. షేరు ముఖ విలువకే, అంటే ఒక రూపాయికో పది రూపాయలకో ఇచ్చేసే కంపెనీలు కూడా మన దగ్గర చాలానే ఉన్నాయి. అక్కడ దాదాపు పూర్తి విలువ ఉద్యోగికే దక్కుతుంది. మన చట్టం ఈ ధరను కంపెనీ ఇష్టానికే వదిలేసింది. అమెరికాలో అలా కుదరదు. అక్కడ ఆప్షన్ ఇచ్చేనాటికి షేరు విలువెంతో లెక్కకట్టించి, అంతకన్నా తక్కువకు స్ట్రైక్ ప్రైస్ పెడితే ఉద్యోగి మీద అదనపు పన్ను పడుతుంది. అందుకే కాలిఫోర్నియాలో పనిచేసే అన్నయ్య చెప్పిన ఈసాప్ సలహా ఇక్కడ చెల్లెలికి సగమే పనికొస్తుంది.

ఆప్షన్ అంటే షేరు కాదు. ఊరి చివర స్థలానికి గజం ఇంత అని ఇవాళే అగ్రిమెంట్ రాసుకుని, రిజిస్ట్రేషన్ తర్వాతెప్పుడో చేయించుకునే ఏర్పాటు లాంటిది. రేటు పెరిగితే పాత ధరకే కొనుక్కోవచ్చు, పడిపోతే ఊరుకోవచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ బయానా ఇవ్వక్కర్లేదు, కానీ ఆ అగ్రిమెంటును ఇంకొకరికి అమ్ముకోవడానికీ లేదు, తాకట్టు పెట్టడానికీ లేదు. ఆప్షన్లు బదిలీ చేయకూడదని కంపెనీల చట్టం కింది నిబంధనల్లోనే ఉంది. షేరుగా మారేదాకా డివిడెండూ ఉండదు, ఓటూ ఉండదు.

ఇక తేదీలు. ఆమె 2022 జూన్ 1న చేరింది. ఆప్షన్లు ఆ రోజే వచ్చేసినట్టు ఆమె అనుకుంది. కానీ ఆఫర్ లెటర్‌లో ఉన్నది ‘బోర్డు ఆమోదానికి లోబడి ఇస్తాం’ అన్న మాట. వాటాదారులు ఒప్పుకున్న పథకం కింద బోర్డు తీర్మానం చేసి, పేరూ సంఖ్యా ధరా రాసి లెటర్ చేతికిస్తేనే గ్రాంట్ జరిగినట్టు. ఆ బోర్డు సమావేశం సెప్టెంబరు 1న జరిగింది. చాలా స్టార్టప్‌లలో ఇలాగే మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి కొత్తవాళ్లందరివీ కలిపి ఒకేసారి ఆమోదిస్తారు. తప్పేమీ లేదు గానీ, గ్రాంట్‌కీ మొదటి వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఒక ఏడాది ఉండాలని నిబంధన. వెస్టింగ్ అంటే ఆప్షన్ వాడుకునే హక్కు మీ చేతికి రావడం. బోర్డు ఆలస్యం చేసినకొద్దీ ఆ ఏడాది లెక్క కూడా వెనక్కి జరుగుతుంది.

ఈ కంపెనీ పథకం మామూలుగా అందరూ పెట్టేదే. నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండగానే పావు వంతు, ఆ తర్వాత నెలనెలా సమానంగా. ఆ మొదటి ఏడాది గడువునే క్లిఫ్ అంటారు. పదకొండో నెలలో మానేస్తే ఒక్కటి కూడా రాదు. ఆమెకు 2023 సెప్టెంబరు 1న 600 ఆప్షన్లు వెస్ట్ అయ్యాయి. అక్కణ్నుంచి నెలకు 50. కొన్ని కంపెనీలు దీన్ని తిరగేసి మొదటి ఏడు పది శాతం, రెండో ఏడు ఇరవై, మూడో ఏడు ముప్పై, నాలుగో ఏడు నలభై అని పెడతాయి. కాగితం మీద అదీ నాలుగేళ్లే, ఇదీ నాలుగేళ్లే. కానీ స్టార్టప్‌లో నాలుగేళ్లు ఒకేచోట కుదురుగా కూర్చునేవాళ్లు ఎంతమంది? రెండేళ్లకు మానేసే మనిషికి మొదటి పద్ధతిలో సగం దక్కితే, రెండోదాంట్లో ముప్పై శాతమే దక్కుతుంది.

మన ఉద్యోగి 2025 మే 31న మానేసింది. కంపెనీ మీద విరక్తేమీ కాదు, ఇంకోచోట మంచి పని దొరికింది. ఆనాటికి వెస్ట్ అయినవి 1,600. మిగతా 800 ఆ రోజుతో రద్దు. వెస్టింగ్‌ను గ్రాంట్ తేదీ నుంచి కాకుండా చేరిన తేదీ నుంచి లెక్కపెట్టి ఉంటే 1,750 అయ్యేవి. కొన్ని కంపెనీలు అలా లెక్కపెడతాయి కూడా, చట్టం చెప్పిన కనీస ఏడాది మాత్రం తప్పించలేవు. మూడు నెలల బోర్డు ఆలస్యం ఖరీదు 150 ఆప్షన్లన్నమాట. చేరేటప్పుడు జీతం మీద వెయ్యి రూపాయల కోసం పట్టుబట్టేవాళ్లు ఈ ప్రశ్న అడగరు.

అసలు కథ ఇక్కణ్నుంచే మొదలవుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెస్ట్ అయిన ఆప్షన్లను అలా ఉంచుకుంటే నష్టం లేదు. మానేసిన రోజు నుంచి గడియారం తిరుగుతుంది. ఈ కంపెనీ పథకంలో గడువు 90 రోజులు, అంటే ఆగస్టు 29. ఆ లోపు డబ్బు కట్టి షేర్లు తీసుకోవాలి, లేదంటే వెస్ట్ అయిన 1,600 కూడా పోతాయి. ఇలా డబ్బు కట్టి ఆప్షన్‌ను షేరుగా మార్చుకోవడమే ఎక్సర్‌సైజ్. ఈ 90 రోజులు మన చట్టం పెట్టిన గడువు అనుకుంటారు చాలామంది. కాదు. మన నిబంధనలు ఎన్ని రోజులన్నది కంపెనీ పథకానికే వదిలేశాయి. అమెరికాలో ఒక రకం ఆప్షన్లకు పన్ను రాయితీ నిలవాలంటే మానేసిన మూడు నెలల్లో ఎక్సర్‌సైజ్ చేయాలన్న నియమం ఉంది. ఇక్కడి పథకాలకు అలాంటి బలవంతమేమీ లేదు. కంపెనీ లిస్టయ్యేదాకానో అమ్ముడుపోయేదాకానో ఆప్షన్లు ఉంచుకోనిచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి. ఆప్షన్ల సంఖ్య కన్నా నన్నడిగితే ఈ గడువే ముఖ్యం.

ఎందుకో లెక్కలో చూద్దాం. 1,600 ఆప్షన్లకు తలా వంద రూపాయల చొప్పున లక్షా 60 వేలు కట్టాలి. ఇది ఆమె ముందే అనుకున్నదే. అనుకోనిది పన్ను. ఎక్సర్‌సైజ్ చేసిన రోజు షేరు విలువకూ ఆమె కట్టిన ధరకూ ఉన్న తేడాను ఆదాయపు పన్ను చట్టం జీతంగా చూస్తుంది. కంపెనీ లిస్టు కాలేదు కాబట్టి మార్కెట్ ధర లేదు. ఒక మర్చంట్ బ్యాంకర్ విలువకట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఎక్సర్‌సైజ్ తేదీకి 180 రోజుల కన్నా పాతది కాకూడదు. ఆయన 600 రూపాయలని తేల్చాడు. షేరుకు 500 తేడా, 1,600 షేర్లకు 8 లక్షలు. ఆ 8 లక్షలు ఆ ఏడాది జీతంలో కలిసిపోతాయి. జీతంతోనే ఆమె 30 శాతం స్లాబులోకి వెళ్లింది కాబట్టి సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 2 లక్షల 49 వేల 600 రూపాయలు. ఈ పన్నును టీడీఎస్‌గా పట్టి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత పాత కంపెనీదే. కానీ ఆమెకు కంపెనీ ఇవ్వాల్సిన జీతమేమీ మిగల్లేదు. అందుకని ఆ మొత్తాన్ని ముందు మా ఖాతాలో వెయ్యి, తర్వాతే షేర్లు అంటారు.

లక్షా 60 వేలు, 2 లక్షల 49 వేల 600. కలిపితే 4 లక్షల 9 వేల 600 రూపాయలు ఆమె జేబులోంచి పోవాలి. చేతికి వచ్చేవి షేర్లు. వాటిని కొనేవాడు ఆ రోజు ఎవడూ లేడు. లిస్టు కాని కంపెనీ షేరును బజారులో అమ్మలేం. ఎవరైనా దొరికినా కంపెనీ నియమావళి ఒప్పుకోవాలి, ముందు కంపెనీకో ఉన్న వాటాదారులకో చూపించాలనే షరతు చాలా చోట్ల ఉంటుంది. అమ్మకుండానే, రూపాయి లాభం కళ్లచూడకుండానే, లాభం మీద పన్ను కట్టడం అన్నమాట.

ప్రభుత్వానికి ఈ ఇబ్బంది తెలియక కాదు. 2020 బడ్జెట్‌లో స్టార్టప్ ఉద్యోగులకు ఈ పన్నును వాయిదా వేసే వెసులుబాటు తెచ్చారు. సుమారు అయిదేళ్ల దాకా కట్టకుండా ఆగొచ్చు. అయితే స్టార్టప్‌గా గుర్తింపు ఉన్నంత మాత్రాన చాలదు. పన్ను మినహాయింపు కోసం కేంద్ర మంత్రిత్వ శాఖల మధ్య బోర్డు ఇచ్చే ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి. అలాంటివి గుర్తింపు పొందిన స్టార్టప్‌లలో కొద్ది భాగమే. పైగా షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా 14 రోజుల్లో కట్టేయాలి. మానేసినవాళ్లకే ఈ సాయం ఎక్కువ అవసరం, వాళ్లకే అది అందదు.

ఆమె ధైర్యం చేసి డబ్బు కట్టింది అనుకుందాం. 2028లో ఎవరో పెద్ద కంపెనీ వచ్చి షేరుకు 900 రూపాయలు ఇచ్చి ఈ స్టార్టప్‌ను కొనేసింది. ఆమెకు 14 లక్షల 40 వేలు వస్తాయి. ఇప్పుడు రెండో పన్ను. 600 నుంచి 900 దాకా పెరిగిన 300 మీద మాత్రమే మూలధన లాభం లెక్కిస్తారు, మొదటి 500కు జీతంగా ఇదివరకే కట్టింది కాబట్టి. లిస్టు కాని షేరును 24 నెలలకు పైగా ఉంచుకుంటే దీర్ఘకాలిక లాభం, దాని మీద 12.5 శాతం. సెస్సుతో 62 వేల 400. అన్నీ పోగా ఆమెకు మిగిలేది 9 లక్షల 68 వేలు. పర్వాలేదు, మంచి డబ్బే.

అదే 900కు బదులు 250కి అమ్మాల్సి వచ్చిందనుకోండి. వచ్చేవి 4 లక్షలు, పెట్టినవి 4 లక్షల 9 వేల 600. వంద రూపాయలకు కొన్న షేరును 250కి అమ్మి కూడా ఆమె నష్టపోయింది! 600 విలువ మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. షేరుకు 350 చొప్పున 5 లక్షల 60 వేల మూలధన నష్టం రాసుకోవచ్చు గానీ, దీర్ఘకాలిక మూలధన నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేయనివ్వరు. దీర్ఘకాలిక మూలధన లాభం ఎప్పుడైనా వస్తేనే, అదీ ఎనిమిదేళ్ల లోపు వస్తేనే అందులోంచి తీసేస్తారు. జీతంగా చూసి పన్ను వేసినప్పుడు ఒక గది, నష్టం వచ్చినప్పుడు ఇంకో గది. ఆ రెంటి మధ్య తలుపు లేదు.

ఇలా ఎలా పడిపోతుంది, పెట్టుబడిదారులు 500 పెట్టి కొన్నారు కదా అని అడగొచ్చు. వాళ్లు కొన్నదీ ఆమెకు వచ్చిందీ ఒకే రకం షేరు కాదు. పెట్టుబడి సంస్థలు సాధారణంగా ప్రిఫరెన్స్ షేర్లు తీసుకుంటాయి. కంపెనీ అమ్ముడుపోతే వచ్చిన డబ్బులోంచి ముందు వాళ్ల అసలు వాళ్లు తీసుకుంటారు, తర్వాతే మామూలు ఈక్విటీ షేర్లకు. ఉద్యోగులకు వచ్చేది ఈ మామూలు ఈక్విటీ. కంపెనీలో 200 కోట్లు పెట్టుబడి ఉండి, దాన్ని 150 కోట్లకు అమ్మేస్తే పేపర్లో ‘150 కోట్ల డీల్’ అని హెడ్డింగ్ వస్తుంది, ఉద్యోగి షేర్లకు పైసా రాకపోవచ్చు. లిస్టయితే అంతా బాగుంటుందనీ లేదు. 2021 నవంబరులో పేటీఎం షేరును 2,150 రూపాయలకు అమ్మారు. లిస్టయిన మొదటి రోజే అది పావు వంతుకు పైగా పడింది.

మరి 90 రోజుల ముందు ఆమె ఏం చేయొచ్చు? ముందుగా, అన్నీ ఎక్సర్‌సైజ్ చేయాలన్న నియమమేమీ లేదు. పథకం ఒప్పుకుంటే పోయినా పర్లేదనుకున్న డబ్బుకు సరిపడా, ఉదాహరణకు 600కే చేసుకోవచ్చు. లక్షా 53 వేల 600 రూపాయలతో పోతుంది. రెండోది, బైబ్యాక్ ఏదైనా దగ్గర్లో ఉందేమో కనుక్కోవాలి. కొన్ని కంపెనీలు అప్పుడప్పుడు ఉద్యోగుల వెస్ట్ అయిన ఆప్షన్లను తామే కొనడమో, కొత్త పెట్టుబడిదారుడి చేత కొనిపించడమో చేస్తాయి. అలాంటి చోట్ల ఎక్సర్‌సైజూ అమ్మకమూ ఒకే రోజు జరిగి, పన్ను వచ్చిన డబ్బులోంచే పోతుంది. జేబులోంచి తీయాల్సిన పని ఉండదు. కాకపోతే బైబ్యాక్ ఇవ్వాలా వద్దా, మానేసినవాళ్లను కూడా చేర్చుకోవాలా అన్నది పూర్తిగా కంపెనీ చేతిలో ఉంటుంది. రాజీనామా మెయిల్ పంపకముందు ఈ ఆరా తీయడం నయం, పంపాక హెచ్ఆర్ గొంతు మారుతుంది.

ఇంకొందరు ఉద్యోగంలో ఉండగానే, వెస్ట్ అయినవి అయినట్టే ఎక్సర్‌సైజ్ చేస్తారు. షేరు విలువ తక్కువగా ఉన్నప్పుడు చేస్తే జీతంగా పడే పన్నూ తక్కువే, 24 నెలల లెక్కా ముందే మొదలవుతుంది. స్ట్రైక్ ప్రైస్ రూపాయి దగ్గర ఉండి, కంపెనీ ఇంకా చిన్నదైతే ఈ దారి ఆలోచించదగ్గదే. కంపెనీ మూతపడితే ఆ డబ్బు మొత్తం పోతుందన్నది మాత్రం మారదు. ఏడాదికి ఫలానా నెలల్లోనే ఎక్సర్‌సైజ్ చేయనిచ్చే కంపెనీలున్నాయి, అది పథకంలో చూసుకోవాలి. పథకం అంటే గ్రాంట్ లెటర్ కాదు. గ్రాంట్ లెటర్ రెండు పేజీలుంటుంది, పథకం పాతిక ముప్పై పేజీలుంటుంది. అడిగితే గానీ ఇవ్వరు. అందులో ‘కాజ్’ అనే మాట ఎక్కడుందో కూడా చూడాలి. క్రమశిక్షణ కారణాలతో తీసేస్తే వెస్ట్ అయిన ఆప్షన్లు కూడా రద్దవుతాయని చాలా పథకాల్లో ఉంటుంది. ఏది క్రమశిక్షణారాహిత్యం అన్న నిర్వచనం ఒక్కోచోట చాలా వదులుగా ఉంటుంది. దీనికి పూర్తి వ్యతిరేకంగా చట్టం దయ చూపించిన చోటు ఒకటుంది. ఉద్యోగంలో ఉండగా ఉద్యోగి మరణిస్తే అప్పటివరకు గ్రాంట్ అయిన ఆప్షన్లన్నీ, వెస్ట్ కానివి కూడా, వారసులకో నామినీకో వెంటనే వెస్ట్ అవుతాయి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలంటే ఆప్షన్లు ఉన్న సంగతి ముందు తెలిసి ఉండాలి.

ఎక్సర్‌సైజ్ అయ్యాక మర్చంట్ బ్యాంకర్ విలువ సర్టిఫికెట్టూ, ఆ 8 లక్షలు చూపించిన ఫారం 16 కాపీ పదిలంగా దాచుకోవాలి. మూడేళ్ల తర్వాత అమ్మేటప్పుడు ఆమె కొన్న ధర 100 కాదు, 600 అని రుజువు చేసేవి అవే. అవి దొరక్క 100నే కొన్న ధరగా వేసుకుని, ఒకే లాభానికి రెండుసార్లు పన్ను కట్టేవాళ్లుంటారు. పైగా లిస్టు కాని షేర్లు ఒక్కటి చేతిలో ఉన్నా ఆ ఏడాది ఐటీఆర్-1 వేయడం కుదరదు. ఐటీఆర్-2 తీసి, కంపెనీ పేరూ షేర్ల సంఖ్యా కొన్న ధరా అందులో నింపాల్సి ఉంటుంది.